మళ్ల ఎప్పుడు పోతవ్?

దుబాయి నుంచి శంషాబాద్‌కు విమానంలో దాదాపు నాలుగు గంటలు. అక్కడి నుంచి సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల మీదుగా కోరుట్ల వైపు ఊరు చేరడానికి కారులో అంతకంటే ఎక్కువే పడుతుంది. సముద్రం దాటి వచ్చిన మనిషికి ఈ రోడ్డు ప్రయాణమే పొడుగ్గా అనిపిస్తుంది. దారిలో ఎక్కడో ఒకచోట బండి ఆపించి చాయ్ తాగుతాడు. ధర విని డ్రైవర్ ముఖంలోకి చూస్తాడు. ఆయన తలలో ఉన్న ధరలు పోయినసారి సెలవు నాటివి.

విమానాశ్రయంలో దిగేవాళ్లలో రెండు రకాల మనుషులుంటారు. సెలవు మీద వచ్చినవాళ్లు కొందరు, ‘క్యాన్సిల్ చేసుకొని’ వచ్చినవాళ్లు కొందరు. వీసా రద్దు చేయించుకుని, ఇక తిరిగి వెళ్లే పని లేకుండా రావడాన్నే ఉత్తర తెలంగాణ ఊళ్లలో అలా అంటారు. చూడటానికి ఇద్దరూ ఒకేలా ఉంటారు. తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో రాసిన పేరూ ఊరూ, చంకలో జిప్పుసంచీలో మడిచిన మందపాటి దుప్పటి. తేడా ఊళ్లోకి వెళ్లిన కొన్నాళ్లకు బయటపడుతుంది.

ఈ రాకపోకలు ఈనాటివి కావు. బతకడానికి ఊరు దాటడం ఈ ప్రాంతానికి తాతల నాటి అలవాటు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మూడు దారులను ఒక్క ఊపిరిలో చెప్పడం ఇక్కడ మామూలు. నేతపని వాళ్లు బొంబాయికి, భీవండికి వెళ్లారు. బొంబాయిలోని కామాటిపురా ఆ పేరు తెచ్చుకున్నది ఇక్కడి నుంచి వెళ్లిన కామాటి కూలీల వల్లే. సింగరేణి బొగ్గుబాయి మరికొందరిని పిలిచింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని మొదలయ్యాక, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలు మూడో దారి పట్టాయి. అప్పట్లో విమానం కూడా బొంబాయిలోనే ఎక్కేవారు.

వెళ్లడం గురించి చాలా రాశారు, చాలా పాడారు. ఏజెంటు మోసాలు, అప్పులు, శవపేటికలు పత్రికలకు ఎక్కుతూనే ఉన్నాయి. కానీ ఏ మోసమూ జరగకుండా, ఏ ప్రమాదమూ లేకుండా, మామూలుగా పనిచేసి మామూలుగా తిరిగివచ్చిన మనిషి వార్త కాడు. ఆ మనిషికి కూడా ఊరు వెంటనే ఊరు కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఓ మేస్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఇరవై ఆరేళ్లకు వెళ్లాడు, నలభై ఏళ్లకు వచ్చాడు. పేరు అక్కర్లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, కామారెడ్డి చుట్టుపక్కల ఇలాంటి మనిషి లేని వాడ కనిపించడం కష్టం.

పద్నాలుగేళ్లలో ఆయన ఆరుసార్లు సెలవు మీద వచ్చాడనుకుందాం. రెండేళ్లకోసారి, వచ్చినప్పుడల్లా రెండు నెలలు. అన్నీ కలిపితే ఇంట్లో ఉన్నది ఏడాది. ఆ ఏడాది కూడా పండుగలాంటి ఏడాది. మేక కోయడం, కల్లు, కొండగట్టుకు ఒక రోజు, ధర్మపురికి ఒక రోజు, చుట్టాల ఇళ్లకు పలకరింపులు. సెలవు మీద వచ్చినవాడికి ఇంట్లో చెడ్డమాట చెప్పరు. “పాపం, మళ్ల పోయేటోడు” అని దాచేస్తారు. అప్పు ఎంత మిగిలిందో, కొడుకు బడి ఎగ్గొడుతున్నాడో లేదో, తల్లికి బీపీ ఎంతుందో ఆయనకు పూర్తిగా తెలియదు. ఆయన కూడా అక్కడి సంగతులు సగమే చెబుతాడు. ఇలా రెండు వైపులా ప్రేమతో దాచిపెట్టినవన్నీ శాశ్వతంగా వచ్చేసిన నెలకో రెండు నెలలకో ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.

ఊళ్లో ఎవరు కనిపించినా అడిగే మాట ఒకటే: “ఎప్పుడొచ్చినవ్? మళ్ల ఎప్పుడు పోతవ్?” అడిగేవాళ్ల మనసులో ఏమీ ఉండదు, అది పలకరింపు. పైగా అందులో కొంత లెక్క కూడా ఉంది. విదేశంలో ఆరు నెలలకు మించి ఉండిపోతే దుబాయి రెసిడెన్సు వీసా సాధారణంగా చెల్లకుండా పోతుందని ఊరందరికీ తెలుసు. రెండు నెలలు, మూడు నెలలు అయినా మనిషి కదలకపోతే ఆ ప్రశ్న కొంచెం కొంచెంగా మారుతుంది. “ఏందే, పోవా?” అంటారు. క్యాన్సిల్ చేసుకొని వచ్చిన మేస్త్రీ మొదట్లో నవ్వి ఊరుకుంటాడు. తరువాత “చూద్దాం” అంటాడు. ఇంకొన్నాళ్లకు హోటల్ దగ్గర నిలబడటం తగ్గిస్తాడు.

ఇంట్లో సంగతి ఇంకా సున్నితం. ఈ ప్రాంతంలో చాలామంది గల్ఫ్ కార్మికుల భార్యలు బీడీలు చేస్తారు. ఒడిలో చాట, పక్కన తడిపిన తునికాకు, కత్తెర. కంపెనీ ఎన్ని ఇస్తే అన్ని చుట్టి సాయంత్రానికి కట్టలు కట్టి అప్పజెప్పాలి. భర్త వెళ్లిన తొలి రెండేళ్లు ఆయన పంపిన డబ్బు అప్పుకే పోతుంది. వీసాకు తెచ్చిన బాకీకి నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఆ రెండేళ్లూ ఇల్లు నడిచింది బీడీల మీద. ఆ తరువాత కూడా మహిళా సంఘంలో పొదుపు, బ్యాంకు పని, బడి ఫీజులు, ఇంటి స్లాబు పోసినప్పుడు సిమెంటు బేరం, పొలం కౌలు అన్నీ ఆమే చూసుకుంది. పద్నాలుగేళ్లలో ఆమె ఇంటిపెద్ద అయింది. ఎవరూ ఆమెకు ఆ పదవి ఇవ్వలేదు, పని మీద పడి వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరు పెద్దలు. పిల్లవాడు ఏదైనా అడిగితే తండ్రి “సరే” అంటాడు. పిల్లవాడు తల ఊపి, “అమ్మను అడిగి చెప్త” అంటాడు. అది ధిక్కారం కాదు, అలవాటు. కానీ విన్నవాడికి గుచ్చుకుంటుంది. ఆమె వైపు నుంచి చూస్తే మరో బాధ. ఇన్నేళ్లు ఒక్కతే మోసినదాన్ని పంచుకునే మనిషి వచ్చాడన్న నిమ్మది ఒకపక్క, తాను చక్కగా నడిపిన లెక్కలను ఎవరో కొత్తగా తనిఖీ చేస్తున్నారన్న చిరాకు మరోపక్క. కేరళ గల్ఫ్ కుటుంబాల మీద లీలా గులాటి 1993లోనే ఒక పుస్తకం రాశారు. మగవాళ్లు దూరమైనప్పుడు ఇంట్లో ఆడవాళ్ల స్థానం ఎలా మారుతుందో ఆమె ఇల్లిల్లూ తిరిగి చూశారు. తెలంగాణ పల్లెల్లోనూ అదే జరిగింది, కాకపోతే చేతిలో చాట అదనం.

పిల్లలకు తండ్రి ఫోనులో బాగా తెలుసు. ఒకప్పుడు సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు ఇచ్చి పంపేవారు. ఇల్లంతా టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవారు. తరువాత ఎస్‌టీడీ బూతులు, ఆపైన ఫోను కార్డులు, ఇప్పుడు వీడియో కాల్. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ పనిచేయదు కాబట్టి ఇమో, బోటిమ్ వంటి యాప్‌లు ఈ పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలుసు. రోజూ ముఖం చూసుకున్నారు కదా, ఇక కొత్తేముంది అనిపిస్తుంది. ఉంది. ఫోనులో అరగంట మాట్లాడే తండ్రి వేరు, పొద్దున్నే స్నానాల గది ముందు వరసలో నిలబడే తండ్రి వేరు. కూతురు ఫోనులో గలగలా మాట్లాడేది, ఎదురుగా వచ్చాక మంచం అవతలి వైపు నుంచి వెళ్తుంది. చాలా ఇళ్లలో ఈ బిడియం పోవడానికి నెలలు పడుతుంది. తొందరపడి దగ్గరికి లాక్కునే తండ్రికి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఈ సంగతిని గట్టిగా పట్టుకున్న పండితుడు ఒకాయన ఉన్నాడు, ఆల్‌ఫ్రెడ్ షూట్జ్. ఆస్ట్రియా నుంచి అమెరికాకు వలస వెళ్లిన సామాజిక శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న 1945లో, ఇళ్లకు తిరిగి వస్తున్న సైనికులను దృష్టిలో పెట్టుకుని ఆయన ఒక వ్యాసం రాశాడు. పరాయి చోటికి వెళ్లేవాడికి అంతా కొత్తగా ఉంటుందని ముందే తెలుసు, అందుకు సిద్ధపడి వెళ్తాడు. ఇంటికి వచ్చేవాడు మాత్రం అంతా తెలిసినట్టే ఉంటుందనుకుని వస్తాడు, అందుకే దెబ్బ తింటాడు. ఆయన వాదన సారం ఇది. ఉత్తరాలు ఎన్ని రాసుకున్నా, కలిసి గడిపిన సమయానికి అవి బదులు కావనీ, దూరంగా ఉన్నంతకాలం ఇరువైపులా మనుషులు వేర్వేరుగా ముసలివాళ్లవుతారనీ ఆయన గమనించాడు. సైనికుల బదులు మేస్త్రీని పెట్టినా వ్యాసంలో పెద్దగా మార్చాల్సింది ఉండదు.

అయితే అంతా గుబులే అనుకుంటే పొరపాటు. తిరిగివచ్చినవాళ్లతో కాసేపు కూర్చుంటే వాళ్లు ముందుగా చెప్పేది నిద్ర గురించి. క్యాంపులో ఒక్కో గదికి ఆరుగురో ఎనిమిదిమందో, మంచం మీద మంచం. తెల్లవారకముందే బస్సు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలు నీడ దొరికినచోట అట్టముక్క పరుచుకుని పడుకోవడమే. ఇక్కడ మధ్యాహ్నం వేపచెట్టు కింద నులక మంచం వేసుకుంటే లేపేవాడు లేడు. మొదటి నెలంతా ఆ మధ్యాహ్నం నిద్రతోనే గడిచిపోతుంది. అది బద్ధకం అని కొందరు అనుకుంటారు, కానీ అది పద్నాలుగేళ్ల బాకీ.

తిండి సంగతి మరీ ముచ్చట. క్యాంపులో వంట వంతులవారీగా. ఖుబ్బూస్ రొట్టె కొనుక్కుంటారు, కూర మాత్రం మనవాళ్లే ఎవరో ఒకరు వండాలి. కనుక గల్ఫ్ నుంచి వచ్చిన మగవాడికి వంట వచ్చు, బాగానే వచ్చు. ఒకరోజు చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి వెళ్లి ఉల్లిగడ్డ తరగడం మొదలుపెడతాడు. తల్లికి సిగ్గేస్తుంది, “ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు బిడ్డా” అంటుంది. భార్య మాత్రం చాట ముందు నుంచి లేవకుండా, “చెయ్యనియ్యి అత్తమ్మా, నాకు ఇంకో రెండు కట్టలైతయ్” అంటుంది. ఇలాంటి చోట్లే ఇద్దరు పెద్దలున్న ఇల్లు నెమ్మదిగా సర్దుకుంటుంది.

ఇక పొలం. వదిలి వెళ్లినప్పటి పొలం కాదది. కోత మిషన్ వచ్చింది, వరి గంటల్లో అయిపోతోంది. నాట్లకు ఊరి ఆడవాళ్లు సరిపోవడం లేదు. ఆ పనికి ఇప్పుడు బీహార్ నుంచి మగ కూలీల జట్లు వస్తున్నాయి. ఎకరాకు ఇంతని గుత్త మాట్లాడుకుని, పొలం దగ్గరి కొట్టంలోనో ఖాళీ ఇంట్లోనో ఉండి, వాళ్లే వండుకుని తింటారు. ఊళ్లో వాళ్లతో బాగా మాట్లాడగలిగేది ఎవరనుకున్నారు? దుబాయిలో హిందీ నేర్చుకుని వచ్చిన ఈ మేస్త్రీయే. వాళ్ల జట్టు నాయకుడితో కూలి లెక్క మాట్లాడతాడు, ఇంటికి ఎంత పంపుతున్నావని అడుగుతాడు, పిల్లలెంతమందని అడుగుతాడు. తన ఊళ్లో తన పొలం గట్టు మీద నిలబడి తన పాత బతుకుతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో నాట్ల కాలంలో ఈ దృశ్యం ఇప్పుడు వింతేమీ కాదు. ఊరివాళ్లు ఎడారికి కూలికి వెళ్తే, ఊరి కూలికి ఇంకో ఊరివాళ్లు వచ్చారు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఆ కూలీలకు చాయ్ కొంచెం ఎక్కువసార్లు పోయిస్తాడు. ఆ చాయ్ వెనుక ఏముందో ఆయన చెప్పడు.

అసలు భయం డబ్బు. నెలనెలా వచ్చే సొమ్ము ఆగిపోతుంది. చేతికొచ్చిన చివరి మొత్తం మీద ఆశలు పెద్దగా ఉంటాయి, అది అందరూ అనుకున్నంత ఉండదు. ఎందుకు ఉండదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం, అంటే 2021 నాటి 33వ నంబరు చట్టం ప్రకారం, ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మూల వేతనం మీదే కడతారు. తొలి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజుల వేతనం. మన మేస్త్రీ చేతికి నెలకు 1,400 దిర్హాములు వచ్చేవనుకుందాం. కానీ ఒప్పందంలో మూల వేతనం 900, మిగతా 500 తిండి, ఇతర భత్యాలు. అంటే రోజుకు 30 దిర్హాములు. తొలి ఐదేళ్లకు 105 రోజులు, 3,150 దిర్హాములు. తరువాతి తొమ్మిదేళ్లకు 270 రోజులు, 8,100 దిర్హాములు. మొత్తం 11,250. మన రూపాయల్లో రెండున్నర లక్షల పైచిలుకు. ఆయన మాత్రం 1,400 మీద లెక్కేసుకుని 17,500 దిర్హాములు వస్తాయని ఇంట్లో చెప్పి ఉంటాడు. ఆ తేడా ఎక్కడ పోయిందని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగరు. అనుమానం మాత్రం గాలిలో ఉంటుంది.

సౌదీలో లెక్క వేరు. అక్కడ తొలి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపై ఏడాదికి నెల జీతం. తానే రాజీనామా చేసినవాడికి పదేళ్లు నిండకపోతే అందులో కోత పడుతుంది, రెండేళ్లు కూడా నిండకపోతే ఏమీ రాదు. ‘ఆజాద్ వీసా’ మీద వెళ్లి దొరికిన చోటల్లా పని చేసినవాడికి, అకామా గడువు దాటి ‘కల్లివెల్లి’ అయినవాడికి ఈ లెక్కలేవీ అందవు. వాళ్లు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ మీద వస్తారు. అలా వచ్చినవాడి చేతిలో అట్టపెట్టె కూడా ఉండకపోవచ్చు. ఊళ్లో ఆయనకు ఎదురయ్యే ప్రశ్న కూడా మరీ పదునుగా ఉంటుంది.

వచ్చిన డబ్బు ఏమవుతుంది? చుట్టం చేబదులు అడుగుతాడు. ఎవరో బోరు వెయ్యమంటారు, ఎవరో ఆటో కొనమంటారు, ఇంకొకరు కోత మిషన్‌లో భాగం ఇస్తామంటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనిషి బస్సు కొని, దాన్ని నడపలేక నష్టపోయే కథతో 1989లోనే మలయాళంలో మోహన్‌లాల్ నటించిన ‘వరవేల్పు’ సినిమా వచ్చింది. నవ్విస్తూనే గుండె బరువెక్కిస్తుంది. మేస్త్రీ కష్టం ఏమిటంటే, ఆయనకు టైల్స్ వేయడం, షట్టరింగ్, ప్లాస్టరింగ్ అక్కడి కొలతల్లో అద్భుతంగా వచ్చు. కానీ పద్నాలుగేళ్లు ఆయన వ్యాపారం చేయలేదు, చెప్పిన పని చేశాడు. జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఆ పనికే మంచి గిరాకీ ఉన్నా, “దుబాయి పోయొచ్చి మళ్ల తాపీ పట్టుడేంది” అన్న మాటకు జంకి, చేతనైన పని వదిలి చేతకాని వ్యాపారంలోకి దిగుతాడు. తిరిగివచ్చినవాళ్లు దెబ్బతినే చోటు ఎక్కువగా ఇదే. తాపీ పట్టినవాళ్లు త్వరగా నిలదొక్కుకుంటారు.

ఆంధ్ర వైపు ఈ కథకు ఇంకో ముఖం ఉంది. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. అక్కడ తిరిగివచ్చేది తల్లి. తాను లేని ఇంట్లో పిల్లలు అమ్మమ్మనో పెద్దక్కనో అమ్మగా అలవాటు చేసుకుని ఉంటారు. తన జీతంతో కట్టిన ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో ఆమెకు తెలియదు. మగవాడు తిరిగి వస్తే “సంపాదించి వచ్చాడు” అంటారు, ఆమె వస్తే ఆ మాట అంత తేలిగ్గా అనరు, చూపులు వేరుగా ఉంటాయి. పరాయి పిల్లలను పెంచి వచ్చిన ఆ తల్లులు తమ పిల్లల దగ్గర కొత్తవాళ్లవడం ఈ వలసలన్నిటిలోకీ కష్టమైన సంగతి.

ప్రభుత్వాల దగ్గర వెళ్లేవాళ్ల లెక్క కొంత ఉంది. పదో తరగతి చదవనివాళ్లు గల్ఫ్‌కు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి, ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు మాత్రం అలాంటి నమోదు ఏదీ తప్పనిసరి కాదు. కేరళలో 1998 నుంచి జరుగుతున్న వలస సర్వేలు వెళ్లినవాళ్లతో పాటు తిరిగివచ్చినవాళ్లనూ లెక్కిస్తున్నాయి. తిరిగివచ్చినవాళ్లు సొంతంగా ఏదైనా పెట్టుకుంటే రుణంలో కొంత రాయితీ ఇచ్చే పథకమూ అక్కడ ఉంది. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది అవసరమే. ప్రాణాలతో తిరిగివచ్చిన మేస్త్రీ గురించి కూడా అంతే శ్రద్ధ చూపాలి.

అంతవరకు ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. శాశ్వతంగా రాకముందు వచ్చే చివరి సెలవులో మేక కోసినా కోయకపోయినా, భార్యాభర్తలు ఒక పూట కూర్చుని ఉన్న బాకీ, సంఘంలో పొదుపు, పిల్లల ఖర్చు, ఒప్పందంలో రాసిన మూల వేతనం అన్నీ ఒకే కాగితం మీద రాసుకోవాలి. దాచినవి అప్పుడే బయటపెట్టుకుంటే తరువాత గుచ్చుకోవు. అక్కడి నుంచి బయల్దేరేవాళ్లు గ్రాట్యుటీ లెక్క తామే వేసి చూసుకోకుండా, అన్నీ ముట్టాయని రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోగా ఆ డబ్బు చెల్లించాలని ఎమిరేట్స్ చట్టమే చెబుతోంది. ఒప్పందం, జీతం చీటీలు, వీసా రద్దు కాగితం, పాత పాస్‌పోర్టుల నకళ్లు తీసి ఒకటి సంచీలో, ఒకటి ఇంటివాళ్ల ఫోనులో ఉంచుకోండి.